లాకర్ అగ్రిమెంట్ డ్రాఫ్ట్ సరిచేయకుండా సంతకం పెట్టలేం

బ్రాంచ్ మేనేజర్ గారికి,
మారతహళ్ళి, బెంగళూరు

నమస్తే అండి. మీరు కూడా తెలుగువాళ్ళే కాబట్టి తెలుగులోనే రాస్తున్నా, దీని ఇంగ్లీష్ కాపీ మీ హెడ్ ఆఫీస్ కంప్లైంట్ మెయిల్‌కి కూడా పెడుతున్నా. విషయం ఏంటంటే, మా అమ్మ పేరు నా పేరు మీద జాయింట్‌గా ఉన్న లాకర్‌కి కొత్త అగ్రిమెంట్ అని మీ కౌంటర్ వాళ్ళు పేపర్లు ఇచ్చి, సంతకం పెట్టకపోతే లాకర్ ఆపరేట్ చేయనివ్వం అన్నారు. ఈ రెన్యువల్ 2023 డిసెంబర్ 31 లోపు బ్యాంకే చేయించాల్సింది కదా, ఇన్నాళ్ళు ఊరుకుని ఇప్పుడు మమ్మల్ని తొందరపెడితే ఎలా? సరే అది వదిలేస్తా. డ్రాఫ్ట్ ఇంటికి తెచ్చుకుని, రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టు 18న ఇచ్చిన లాకర్ రూల్స్ పక్కన పెట్టుకుని చదివితే రెండిటికీ పొంతనే లేదు.

ముందు రెంట్ సంగతి. మా లాకర్‌కి ఏడాదికి 4,000, జీఎస్టీ వేరే, దాంతో మాకు గొడవ లేదు. కానీ మధ్యలో లాకర్ సరెండర్ చేస్తే అడ్వాన్స్‌గా కట్టిన రెంట్ వెనక్కి రాదు అని రాశారు. మిగిలిన నెలలకి లెక్కేసి ఇవ్వాలని రూల్‌లో క్లియర్‌గా ఉంది. పైగా లక్ష రూపాయల ఎఫ్‌డీ పెట్టమంటున్నారు. ఎఫ్‌డీ అడగొచ్చు, కానీ కొత్తగా లాకర్ ఇచ్చేటప్పుడు, అదీ మూడేళ్ళ రెంటు, లాకర్ పగలగొట్టే ఛార్జీ ఎంతో అంతవరకే. మా రెంట్‌కి మూడేళ్ళంటే 12,000, పగలగొట్టే ఖర్చు ఇంకో ఐదు వేలు అనుకున్నా 17,000 దాటదు. అయినా పాత కస్టమర్లని, అకౌంట్ సరిగ్గా నడిపేవాళ్ళని అసలు పట్టుబట్టకూడదు.

ఇప్పుడు బాధ్యత క్లాజు. దొంగతనం జరిగినా, మంటలొచ్చినా, బిల్డింగ్ కూలినా, మీ స్టాఫే మోసం చేసినా "అగ్రిమెంట్ తేదీ నాటి వార్షిక రెంటుకు వంద రెట్లు మించకుండా" అని రాశారు. చూడ్డానికి రూల్ లాగే ఉంది, వంద రెట్లు అన్న మాట కూడా కరెక్టే, తిరకాసంతా ఆ తేదీలో ఉంది. రూల్‌లో ఉన్నది అప్పటికి అమల్లో ఉన్న వార్షిక రెంటు. ఇప్పుడు 4,000 కాబట్టి నాలుగు లక్షలు. రేపు మీరే రెంట్ పెంచుకుంటూ పోయి పదేళ్ళకి 9,000 చేశారనుకోండి, అప్పుడేదైనా జరిగితే తొమ్మిది లక్షలు ఇవ్వాలి, మీ డ్రాఫ్ట్ ప్రకారం మాత్రం నాలుగు లక్షలే. పెంచిన రెంటు మా దగ్గర తీసుకుని నష్టం మాత్రం పాత రెంటు మీద కడతారా? లోపల ఏముందో మీకు తెలీదు, తెలుసుకోకూడదు కూడా, అందుకే ఈ వంద రెట్ల లెక్క పెట్టారు, అది నాకు అర్థమైంది, అమ్మ నగలకి అది చాలదని కూడా తెలుసు. కనీసం ఆ లెక్కన్నా సరిగ్గా వేయండి.

అదే క్లాజులో ప్రకృతి విపత్తు అని చెప్పి భూకంపం, వరద, పిడుగుతో పాటు "నీటి లీకేజీ, డ్రైనేజీ, గోడల చెమ్మ" కూడా కలిపేశారు. మొదటి మూడింటికి బ్యాంకుకి బాధ్యత లేదు, ఒప్పుకుంటా. కానీ మీ లాకర్ రూమ్ ఉన్నది బేస్‌మెంట్‌లో, వానాకాలంలో ఈ ఏరియా సంగతి మీకు నేను చెప్పాలా. పైపు పగిలో డ్రైనేజీ పొంగో లోపలికి నీళ్ళొస్తే అది మెయింటెనెన్స్ లోపం, విపత్తు ఎలా అవుతుంది? విపత్తుల విషయంలో కూడా లాకర్ రూమ్‌ని కాపాడటానికి తగిన జాగ్రత్త తీసుకోవాలనే రూల్ చెబుతోంది. ఆ మూడు మాటలు తీసేయండి. అన్నట్టు, లోపలి వస్తువులకి ఇన్సూరెన్స్ తీసుకోండి అని మీ కౌంటర్‌లో ఒక పాలసీ కాగితం కూడా చేతిలో పెట్టారు. లాకర్ వస్తువులకి బ్యాంకు నేరుగా గానీ చాటుగా గానీ ఇన్సూరెన్స్ అమ్మకూడదు, ఆ సంగతి మీ స్టాఫ్‌కి చెప్పండి.

నామినీ విషయం దగ్గర నాకు ఎక్కువ భయమేసింది. లాకర్ ఎవరు తెరవొచ్చు అన్న గడి ఖాళీగా వదిలేసి మమ్మల్ని సంతకం పెట్టమన్నారు. మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుందండీ. "ఇద్దరూ కలిసి" అని నింపితే, మాలో ఒకరు పోయినప్పుడు మిగిలినవాళ్ళు ఒంటరిగా తెరవలేరు, నామినీ కూడా పక్కన ఉండాలి. మా నామినీ తమ్ముడు, వాడుండేది హైదరాబాద్‌లో. మేము మొదటి నుంచీ అడుగుతున్నది "ఇద్దరిలో ఎవరైనా, లేదా బతికున్నవారు" అని. అలా ఉంటే ఒకరు పోయినా రెండోవాళ్ళకి యాక్సెస్ ఇవ్వాల్సిందే, తమ్ముడి అవసరం మేమిద్దరం లేనప్పుడే. ఆ గడిలో ఈ మాటే టైప్ చేసి ఇవ్వండి, తర్వాత పెన్నుతో నింపుతాం అంటే ఒప్పుకోం.

దాని కిందే ఇంకో లైను, నామినీ వస్తే సక్సెషన్ సర్టిఫికెట్, ఇండెమ్నిటీ బాండ్, ఇద్దరు ష్యూరిటీలు తేవాలట! ఇవన్నీ తెచ్చేదానికి ఇంక నామినేషన్ ఎందుకండీ? నామినేషన్‌లో తేడా లేకపోతే వీటికోసం పట్టుబట్టకూడదు. డెత్ సర్టిఫికెట్, నామినీ ఐడీ చూసుకుని, తెరవొద్దని కోర్టు ఆర్డర్ ఏదీ లేదని నిర్ధారించుకుని, సాక్షుల ముందు వస్తువుల లిస్ట్ రాసి, క్లెయిమ్ వచ్చిన 15 రోజుల్లో సెటిల్ చేయాలి. తమ్ముడు తీసుకున్నంత మాత్రాన నగలన్నీ వాడివైపోవు, వారసుల తరఫున తీసుకున్నట్టే, ఆ మాట అగ్రిమెంట్‌లో రాస్తే మాకూ మంచిదే. పాత నామినేషన్‌కి రసీదు కూడా మా దగ్గర లేదు, అది ఇప్పించండి.

ఇక రెంట్ కట్టకపోతే ఏంటన్నది. ఒక్క ఏడాది బాకీ పడితే రికార్డులో ఉన్న అడ్రస్‌కి 15 రోజుల నోటీసు పంపి పగలగొడతాం అని రాశారు. వరసగా మూడేళ్ళు కట్టకపోతేనే పగలగొట్టే అధికారం మీకు ఉంటుంది. అది కూడా లెటర్, ఈమెయిల్, ఎస్ఎంఎస్ మూడూ పంపి, లెటర్ తిరిగొస్తే రెండు పేపర్లలో, ఒకటి ఇంగ్లీష్ ఒకటి స్థానిక భాష, పబ్లిక్ నోటీసు వేసి, టైమిచ్చాకే. తెరిచేటప్పుడు బ్యాంకు ఆఫీసర్, ఇద్దరు బయటి సాక్షులు, వీడియో రికార్డింగ్ ఉండాలి. మీ రికార్డులో ఉన్నది అనంతపురం పాత అడ్రస్, అమ్మ అకౌంట్ కేవైసీ ఆగి రెంట్ డెబిట్ కాకపోతే మాకు తెలిసేదెలా? ఇది ఉత్త భయం కాదు. కోల్‌కతాలో ఒకాయన బాకీ కట్టేసినా రెంట్ కట్టలేదని బ్యాంకు లాకర్ పగలగొట్టింది, ఏడు నగలుంటే రెండే మిగిలాయని కేసు వేశాడు, 2021 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఐదు లక్షల పరిహారం, లక్ష ఖర్చులు ఇప్పించింది. ఇప్పుడున్న రూల్స్ వచ్చిందే ఆ తీర్పు తర్వాత.

కాబట్టి పైన చెప్పిన క్లాజులు సరిచేసి, స్టాంప్ పేపర్ మీద రెండు కాపీలు తీసి, ఇరువైపులా సంతకాలయ్యాక ఒకటి మా చేతికి ఇవ్వండి. ఫోన్ నంబర్లు, ఈమెయిల్, ఇప్పటి అడ్రస్ అప్‌డేట్ ఫారం దీనితో జత చేశా. ఈలోగా లాకర్ ఆపొద్దు, వచ్చే నెల పెళ్ళికి అమ్మ నగలు తీయాలి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కి పెడతాను, దానికోసం మీ డ్రాఫ్ట్ ప్రతి పేజీ స్కాన్ తీసి పెట్టుకున్నా. ఈ లెటర్ అందినట్టు తేదీ, ముద్ర వేసి ఒక కాపీ ఇవ్వగలరు.

ఇట్లు,
మీ లాకర్ కస్టమర్ (అమ్మ తరఫున కూడా)