చిన్నోడి గుండు

తిరుపతి

చి. అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నీవు పంపిన పెళ్ళి కథ చదివాను. తిరుచానూరు మండపంలో గందరగోళం మొదలయ్యేదాకా హాయిగా నవ్వుకున్నాను కానీ, మూడో పేజీలో ఎవరు ఎవరిని ఏమనుకుంటున్నారో తెలియక వెనక్కి తిప్పవలసి వచ్చింది. మీ అమ్మ రెండో పేజీలోనే ఆగిపోయింది.

పెళ్ళికొడుకును ఇంట్లో అందరూ ‘చిన్నోడు’ అంటారు; అతని అక్క కొడుకు, మూడేళ్ళవాడు, వాడూ చిన్నోడే. ‘కల్యాణకట్టలో చిన్నోడికి గుండు అయిపోయింది, కొండ దిగుతున్నాం’ అన్న ఫోను మాట పెళ్ళికూతురి అవ్వ చెవిన పడింది. ఈ బీజం చక్కనిది. అయితే గుండు ఎవరిదో నీవు చివరిదాకా పాఠకుడికి చెప్పలేదు. అందువల్ల అవ్వతో పాటు అతడూ కంగారు పడ్డాడే తప్ప, అవ్వను చూసి నవ్వలేకపోయాడు. మొదటి పేరాలోనే ఆ పసివాడిని, తల మీద చందనంతో, కారులో మామ ఒడిలో నిద్రపోతుండగా చూపించు. నిజం పాఠకుడి చేతిలో ఉంటే ఆ తరువాత పాత్రలు ఎంత దూరం పోయినా అతడు తప్పిపోడు.

ఇక మెట్లు. అవ్వకు మొదట ఫోటోల దిగులే ఉండాలి; అందుకే తలపాగా తెమ్మని కొడుకును, అంటే పెళ్ళికూతురి మేనమామను, పంపుతుంది. అతడు విడిది గదిలో తలపాగా కోసం రహస్యంగా వెతుకుతుంటే, వియ్యంకుడు చూసి, తాము తెచ్చిన బట్టలు నాసిరకమని పరీక్షిస్తున్నారనుకుంటాడు. ఈలోగా అవ్వకు, గుండు మైల వల్ల చేయించినదేమోనన్న అనుమానం పుట్టి పురోహితుడి చెవిలో వేస్తుంది. ఆయన మర్యాదగానే ‘మీ ఇంట్లో మైల ఏమైనా ఉందా?’ అని అడిగేసరికి, అప్పటికే ఉడుకుతున్న వియ్యంకుడు ముహూర్తమే వద్దంటాడు. ఒక్కొక్కరికి తెలిసినంతలో ఒక్కొక్కరు చేసినది సబబే, గమనించు. ప్రతి మెట్టు దగ్గర ఎవరికి ఏమి తెలుసో కాగితం మీద రాసుకుంటే, నీ వంటవాడు తనకు తెలియని సంగతికి కోపగించుకున్నాడని నీకే కనబడుతుంది.

‘ఒక్క మాట అడిగితే పోయేది కదా’ అని పాఠకుడు అనుకున్న క్షణాన కథ చెడుతుంది. వియ్యాలవారిని జుట్టు సంగతి అడగడానికి అవ్వకు నామోషీ అని ముందే ఒక వాక్యంలో చెప్పు. పదకొండు మంది పేర్లు కూడా వద్దు. అవ్వ, మేనమామ, వియ్యంకుడు, పురోహితుడు అంటే చాలును. పెళ్ళిలో మనుషులను ఎటూ వరుసతోనే గుర్తు పెట్టుకుంటాము.

ఉంగరం పోయిన ఘట్టం తీసివేయి. అది బాగుంది, కాని వేరే పెళ్ళిలోది. అచ్చుకు పంపేముందు అవ్వ నోట ఉన్న ఆ ఊతపదం మార్చు. మన అవ్వకు ఇంకా కళ్ళు బాగానే కనిపిస్తాయి.

మీ నాన్న