ఛార్జ్ చేయగానే ట్రిప్ అయిన నీ ట్రాన్స్‌ఫార్మర్ గురించి

ఒరేయ్ రవీ,

నువ్వు పంపిన డిస్టర్బెన్స్ రికార్డు తీరిగ్గా చూశాను. ఆయిల్ రిపోర్ట్ బాగుంది, మెగ్గర్ విలువలు బాగున్నాయి, బుకోల్జ్ కదల్లేదు, అయినా బ్రేకర్ మూయగానే, లోపలికి వెళ్ళే, బయటికి వచ్చే కరెంట్ల తేడా చూసే డిఫరెన్షియల్ రిలే ఎ ఫేజ్ మీద ఎగిరిపోయింది, సెకండ్ హార్మోనిక్ సెట్టింగ్ 15 శాతం పెట్టినా ఇలా ఎందుకయిందని నీ టెన్షన్. మీ మేనేజర్ "8 శాతానికి దించేయండి, అయిపోతుంది" అంటున్నాడన్నావు కదా, దయచేసి అది మాత్రం ఇప్పుడే చెయ్యకు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక నుంచి రావాలి, ఓపికగా చదువు.

నీ రిలే చూసింది ఇన్‌రష్, అంటే ఛార్జ్ చేయగానే ఎగసే కరెంటు. అది వైండింగ్‌లో ఫాల్ట్ కాదు, కోర్ ఫ్లక్స్‌తో నిండిపోవడం. ఫ్లక్స్ అనేది వోల్టేజీని కాలంతో పాటు కూడుకుంటూ పోతే వచ్చేది. మామూలుగా నడుస్తున్న ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక అర సైకిల్ వోల్టేజీ ఫ్లక్స్‌ను మైనస్ గరిష్ఠం నుంచి ప్లస్ గరిష్ఠం దాకా, అంటే మొత్తం రెండింతలు జరుపుతుంది. ఇప్పుడు ఫ్లక్స్ సున్నా దగ్గరున్న కోర్‌ని వోల్టేజీ కూడా సున్నా దాటుతున్న క్షణంలోనే ఛార్జ్ చేశావనుకో. ఆ అర సైకిల్ చేసే పని అదే రెండింతలు, కానీ బయలుదేరింది మైనస్ వైపు నుంచి కాదు, సున్నా నుంచి. కాబట్టి ఫ్లక్స్ మామూలు గరిష్ఠానికి రెండు రెట్లకు పోతుంది. అదే వోల్టేజీ శిఖరం మీద ఉన్నప్పుడు మూస్తే ఈ గొడవే ఉండదు, కానీ మూడు ఫేజులూ ఒకేసారి మూసే బ్రేకర్‌తో మూడింటికీ మంచి ముహూర్తం కుదరదు. ఇక కోర్‌లో ముందే అదే దిక్కున కొంత రెసిడ్యువల్ ఫ్లక్స్ మిగిలి ఉంటే, నిండిన కుండలో ఇంకో బిందె వంచినట్టే.

లెక్కకి మామూలు ఫ్లక్స్ గరిష్ఠాన్ని 1 అనుకుందాం, కోర్ 1.2 దగ్గర సాచురేట్ అవుతుందనుకుందాం. ఫ్లక్స్ 1.2 దాటనంత సేపూ కరెంటు దాదాపు సున్నా. దాటిన మరుక్షణం ఇనుము ఉన్నా లేనట్టే, వైండింగ్ గాలిలో చుట్టిన కాయిల్‌లా ప్రవర్తిస్తుంది, కరెంటు నిలువునా లేస్తుంది. ఫ్లక్స్ తిరిగి 1.2 కిందకి దిగగానే మళ్ళీ పడుకుంటుంది. అటువైపు అర సైకిల్‌లో ఫ్లక్స్ మైనస్ 1.2 దరిదాపులకే రాదు కాబట్టి అక్కడ ఏమీ ఉండదు. నీ రికార్డులో ఎ ఫేజ్ చూడు, అన్ని ముద్దలూ ఒకే వైపు, మధ్యలో చదునైన ఖాళీలు. నువ్వు దాన్ని "సగం కోసేసిన సైన్" అన్నావు, బానే అన్నావు.

సెకండ్ హార్మోనిక్ పుట్టేది ఈ ఒకవైపుతనం నుంచే. రెండో హార్మోనిక్ ఒక అర సైకిల్‌లోనే తన పూర్తి అల ముగించుకుని, రెండో అర సైకిల్‌లో అదే గుర్తుతో మళ్ళీ మొదలవుతుంది. కరెంటు రెండో అరలో మొదటి అరకి తలకిందులైన నకలు అయితే, రెండు అరల నుంచీ వచ్చే వాటాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, సరి హార్మోనిక్‌లు మిగలవు. రెండో అరలో ఏమీ లేకపోతే కొట్టేయడానికి ఎవరూ ఉండరు, కాబట్టి మిగిలిపోతాయి. వోల్టేజీ ఎక్కువై ఓవర్ ఎక్సైట్ అయిన ట్రాన్స్‌ఫార్మర్ కూడా సాచురేట్ అవుతుంది, కానీ రెండు వైపులా సమానంగా. అందుకే దాన్ని పట్టడానికి ఐదో హార్మోనిక్ చూస్తారు, అక్కడ రెండోది పనికిరాదు. ఇక లోపలి ఫాల్ట్ కరెంటు అంటే సైన్, దాని మీద తగ్గిపోతున్న డీసీ. అందులో నిజమైన రెండో హార్మోనిక్ నామమాత్రం. మొదటి సైకిల్‌లో ఫిల్టర్ ఆ డీసీని చూసి కాస్త తడబడి రెండో హార్మోనిక్ ఉన్నట్టు చూపిస్తుంది, కానీ సైకిల్ గడిచేసరికి సర్దుకుంటుంది.

రిలే చేసేది దీన్ని వాడుకోవడమే. డిఫరెన్షియల్ కరెంటులో రెండో హార్మోనిక్‌ని ఫండమెంటల్‌తో భాగిస్తుంది, సెట్టింగ్ దాటితే ట్రిప్ ఆపుతుంది. ఇది బ్లాకింగ్. పాత పద్ధతిలో, అంటే 1938లో కెనెడీ, హేవార్డ్ చెప్పిన రిస్ట్రెయింట్‌లో, హార్మోనిక్‌ని అడ్డుకునే వైపు బలంగా కలుపుతారు. అంటే హార్మోనిక్ ఎంత ఎక్కువుంటే ట్రిప్ కావడానికి అంత ఎక్కువ డిఫరెన్షియల్ కావాలి, అంతేగానీ ఒక గీత దాటగానే తలుపు మూసేయడం కాదు. మనవాళ్ళు రెండింటినీ రిస్ట్రెయింట్ అనే పిలుస్తారు, నీ రిలేలో ఉన్నది బ్లాకింగ్.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది "ఇన్‌రష్ ఎంత పెద్దదైతే సెకండ్ హార్మోనిక్ శాతం అంత ఎక్కువ" అనుకుంటారు. నిజం దానికి తలకిందులు! ముద్ద ఎంత వెడల్పయితే శాతం అంత తగ్గుతుంది, ఎందుకంటే ముద్ద వెడల్పయ్యే కొద్దీ అది పూర్తి సైన్‌కి, దాని మీద కూర్చున్న డీసీకి దగ్గరవుతుంది. ముద్ద సగం వెడల్పు కోణాన్ని α అంటే, పైన చెప్పిన సరళమైన కోర్‌కి నిష్పత్తి ఇది:

```
I2/I1 = (2/3)·sin³α / (α − sin α·cos α)
cos α = 1.2 − (ఫ్లక్స్ ఆఫ్‌సెట్)
```

ఆఫ్‌సెట్ అంటే ఫ్లక్స్ అల మధ్యగీత సున్నా నుంచి ఎంత పక్కకి జరిగిందో అది. రెసిడ్యువల్ లేకుండా వోల్టేజీ సున్నాలో మూస్తే ఆఫ్‌సెట్ 1, α సుమారు 78 డిగ్రీలు, నిష్పత్తి 53 శాతం. 15 దగ్గర సెట్ చేసిన రిలే నిశ్చింతగా ఆపేస్తుంది. రెసిడ్యువల్ 0.6 ఉంటే ఆఫ్‌సెట్ 1.6, నిష్పత్తి 22 శాతానికి పడుతుంది. 0.8 ఉంటే ఫ్లక్స్ శిఖరం 2.8కి పోయి, ముద్ద 254 డిగ్రీలంత వెడల్పై, నిష్పత్తి 13 శాతానికి దిగుతుంది. నీ ఎ ఫేజ్ ఇదే. రిలే చూపించింది 12 కాస్త పైన, సెట్టింగ్ 15. రిలే తనకి చెప్పింది చేసింది, పాపం దాన్ని తిట్టకు.

సరే, 0.8 రెసిడ్యువల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? నీ ఉత్తరంలో ఒక మాట మామూలుగా రాసేశావు, ఛార్జింగ్‌కి ముందు వైండింగ్ రెసిస్టెన్స్ టెస్ట్ చేశామని. ఆ టెస్టులో పంపేది డీసీ. వైండింగ్ ఇండక్టెన్స్ తీరి రీడింగ్ నిలవాలంటే కోర్ సాచురేట్ కావాలి, అయ్యాక డీసీ తీసేస్తే కోర్ ఆ దిక్కునే అయస్కాంతమై మిగిలిపోతుంది. చివర్లో ఎ ఫేజ్ మీద చేసి ఉంటారు, అందుకే అక్కడే ఎక్కువ మిగిలింది. మూడు లింబుల కోర్‌లో ఫ్లక్స్‌ల మొత్తం దాదాపు సున్నా కావాలి కాబట్టి, బి, సి లింబుల్లో తలా 0.4 వ్యతిరేక దిక్కున ఉండి ఉంటుంది. ఎ వోల్టేజీ సున్నా దాటేటప్పుడు మూశారనుకుంటే ఆ రెండింటి ఆఫ్‌సెట్ 0.9 చొప్పున అవతలి వైపు వస్తుంది, లెక్క 59 శాతం చెబుతుంది. నీ రికార్డులో కూడా ఆ రెండు ఫేజులూ బ్లాక్ అయ్యే ఉన్నాయి, ట్రిప్ ఇచ్చింది ఎ ఒక్కటే. కథ అతికింది కదా!

(ఇది ఒక్కో ఫేజ్‌కి విడిగా చేసిన లెక్క. రిలే లోపల వెక్టర్ గ్రూప్ సరిచేసి, జీరో సీక్వెన్స్ తీసేసేటప్పుడు ఫేజులు కలిసిపోతాయి, అప్పుడు ఒక ఫేజ్ శాతం ఇంకా బాగా పడిపోవచ్చు. కాబట్టి అంకెలు కాదు, ఆకారం పోల్చు.)

మరి 8 శాతానికి దించితే ఏమవుతుంది? ట్రాన్స్‌ఫార్మర్ లోపల పెద్ద ఫాల్ట్ వచ్చినప్పుడు రిలేకి కరెంటు కొలిచి ఇచ్చే సీటీలు సాచురేట్ అవుతాయి, ఆ కరెంటు కూడా ఒక వైపు కుంటుతుంది, అందులో రెండో హార్మోనిక్ పుట్టుకొస్తుంది. సెట్టింగ్ ఎంత కింద ఉంటే ఆ నిజమైన ఫాల్ట్‌ని రిలే ఇన్‌రష్ అనుకుని చూస్తూ కూర్చునే అవకాశం అంత ఎక్కువ. అందుకోసమే హార్మోనిక్‌ని పట్టించుకోని హైసెట్ డిఫరెన్షియల్ ఉంటుంది, దాన్ని రాగల గరిష్ఠ ఇన్‌రష్ కన్నా పైన పెట్టాలి. నీ సెట్టింగుల షీటులో అది ఆన్‌లో ఉందో లేదో ముందు చూడు. ఇంకొక సంగతి, నువ్వు 8 పెట్టినా జీరో సీక్వెన్స్ తీసేశాక ఆ ఫేజ్ అంతకన్నా కిందకి పోతే మళ్ళీ అదే ట్రిప్, అప్పుడు మేనేజర్ 5 అంటాడు.

నా మాట వింటే 15 అలాగే ఉంచి క్రాస్ బ్లాకింగ్ ఆన్ చెయ్యి, అంటే ఏ ఒక్క ఫేజ్ హార్మోనిక్ చూపించినా మూడూ ఆగుతాయి. బి, సి నిండా 50 పైన ఉన్నాయి కాబట్టి నీ కేసులో ఇది కచ్చితంగా ఆపి ఉండేది. దీనికీ ఒక ఖరీదు ఉంది. ఎ ఫేజ్‌లో నిజంగా ఫాల్ట్ ఉండగా ఛార్జ్ చేస్తే, బాగున్న బి, సి ఇన్‌రష్ దాన్ని కూడా కాసేపు కాపాడేస్తుంది. అందుకే క్రాస్ బ్లాక్‌కి కొన్ని సైకిళ్ళ సమయ పరిమితి పెట్టుకో. ఇన్‌రష్ తగ్గేకొద్దీ ముద్దలు సన్నబడి ఎ ఫేజ్ శాతం తనంతట తానే 15 దాటుతుంది, ఆ తర్వాత క్రాస్ అవసరం ఉండదు. ఎన్ని సైకిళ్ళకి దాటుతుందో చెప్పడం కుదరదు, ఎందుకంటే మొదటి ట్రిప్‌లోనే రికార్డు ఆగిపోయింది.

ఖాళీ వెడల్పు చూసే పద్ధతి కూడా కొన్ని రిలేల్లో ఉంటుంది, పావు సైకిల్ కన్నా పొడవైన చదునైన ఖాళీ ఉంటే ఇన్‌రష్ అని. 254 డిగ్రీల ముద్దకి మిగిలే ఖాళీ 106 డిగ్రీలు, 50 హెర్ట్జ్‌లో 5.9 మిల్లీసెకన్లు, పావు సైకిల్ 5. అంటే అది నెగ్గేది, కానీ బొటాబొటిగా. సీటీ సాచురేట్ అయితే ఆ ఖాళీ కూడా వంకరపోతుంది, కాబట్టి నేను దాని మీద పూర్తిగా ఆధారపడను.

అయితే వీటన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది కోర్‌ని డీమాగ్నెటైజ్ చేయడం. మీ రెసిస్టెన్స్ టెస్ట్ కిట్‌లోనే ఆ ఆప్షన్ ఉండి ఉంటుంది, దిక్కు మారుస్తూ, ప్రతిసారీ కరెంటు తగ్గిస్తూ పోతుంది. అది అయ్యాక ఎక్సైటింగ్ కరెంట్ కొలిచి పాత రిపోర్టుతో పోల్చు, సరిపోతే కోర్ శుభ్రమైనట్టే. అప్పుడు ఛార్జ్ చెయ్యి, రికార్డు సమయం కనీసం రెండు సెకన్లకి పెంచి. రాగానే కామ్‌ట్రేడ్ ఫైలు పంపు, స్క్రీన్‌షాట్లు వద్దు, మూడు ఫేజుల రా కరెంట్లూ విడిగా కావాలి నాకు.

నీ
శ్రీను