ఇంజెక్షన్ ఇచ్చాక పాపను ఎందుకు లేవనివ్వలేదంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

గత వారం భోజన విరామంలో ఆరో తరగతి పాపకు తీవ్రమైన అలర్జీ వచ్చింది. ఇప్పుడు క్షేమంగా ఉంది. తేరుకున్న పిల్లను అంబులెన్స్ వచ్చేదాకా వరండాలో నేలమీదే ఎందుకు ఉంచారని చాలామంది అడుగుతున్నారు. ఉంచాలి కాబట్టే ఉంచాం.

ఒంటిమీద దద్దుర్లతో పాటు గొంతు బొంగురుపోయి దగ్గు ఆగకపోవడంతో, లోపల వాపు మొదలైందని కనిపెట్టింది తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు. ఒకరు ఇలాంటి అలర్జీకి ఇచ్చే అడ్రినలిన్ మందు నింపిన ఇంజెక్టర్ కోసం పరుగెత్తారు, ఇంకొకరు పాపను ఉన్నచోటే పడుకోబెట్టి కాలు కదలకుండా పట్టుకున్నారు. కాలు విదిలిస్తే సూది చర్మాన్ని చీరేస్తుంది. ఆ సంగతి గుర్తుంచుకున్న పిల్లలను చూస్తే ఎంత గర్వంగా ఉందో! టీచరు బొటనవేలు కొనమీద పెట్టకుండా ఇంజెక్టర్‌ను పిడికిట పట్టి, నీలం మూత లాగి, నారింజ కొనను తొడ బయటివైపు మధ్యలో, బట్టమీదనుంచే నిటారుగా గట్టిగా నొక్కారు. జేబు, మందపు కుట్టు లేని చోటు చూసుకున్నారు. క్లిక్ వినిపించాక 3 సెకన్లు అలాగే ఉంచారు. కొన్ని రకాలకు 10 సెకన్లు కావాలి, మీ పిల్లల ఇంజెక్టర్ మీద ఎంత రాసుందో చదవండి. తొడలో పెద్ద కండరం ఉంటుంది, మందు త్వరగా రక్తంలో కలుస్తుంది.

అసలు ప్రమాదం ఆ తర్వాతే. ఈ అలర్జీలో రక్తనాళాలు వదులై, రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. అప్పుడు పిల్లను లేపి నిలబెడితే గుండెకు తిరిగి చేరే రక్తం తగ్గిపోయి, క్షణాల్లో గుండె ఆగవచ్చు. "బాగానే ఉన్నాను" అని పిల్ల చెప్పినా నడిపించకూడదు, ఆ తేరుకోవడం మందు వల్ల వచ్చింది, కొంతసేపే. కాళ్లు ఎత్తి పడుకోబెట్టాలి. ఊపిరాడకపోతే కాళ్లు చాపి కూర్చోబెట్టాలి. వాంతి అవుతున్నా, స్పృహ తప్పినా పక్కకు తిప్పాలి. 5 నిమిషాల్లో తగ్గకపోతే రెండో ఇంజెక్టర్ ఇవ్వాలి. తగ్గినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టవచ్చు.

 

మీ శ్రద్ధను తక్కువ చేయడం లేదు కానీ, గడువు దాటిన ఇంజెక్టర్లు, రెండుకు బదులు ఒక్కటే, "ముందు అలర్జీ మాత్ర వేసి చూడండి" అనే చీటీలు ఈ ఏడాదీ వచ్చాయి. ఆ మాత్ర దురద తగ్గిస్తుందే తప్ప మూసుకుపోయే శ్వాసమార్గాన్ని తెరవదు, పడిపోయే రక్తపోటును నిలబెట్టదు. ఎండలో నిలిపిన కారులో, ఫ్రిజ్‌లో ఇంజెక్టర్లు ఉంచకండి. ఇంజెక్టర్ మీదుండే చిన్న కిటికీలోంచి మందు రంగు మారినట్టు కనిపిస్తే కొత్తది తీసుకోండి. పిల్లల బరువు పెరిగితే మోతాదు మారవచ్చు, డాక్టరును అడగండి. గడువులో ఉన్నవి రెండు, డాక్టరు రాసిచ్చిన కాగితంతో సహా, సోమవారం ఆఫీసులో స్వయంగా ఇవ్వండి. బ్యాగులో పెట్టి పంపకండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు