జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త

సంపాదకుల వారికి,

వానలు మొదలయ్యాక మా మిర్యాలగూడ వైపు ఇంటికొకరు జ్వరంతో పడుకుంటున్నరు. ఒళ్లు కాలగానే భయపడతాం, చల్లబడగానే గండం గడిచిందనుకుంటాం, డెంగీలో మాత్రం లెక్క తిరగబడుతుంది.

అసలు జ్వరం రోగం కాదు. క్రిమి లోపలికి రాగానే మన తెల్లకణాలు పంపే సంకేతాలకు మెదడు ఒంటి వేడిని కావాలనే పెంచుతుంది, అందుకే మొదట చలి, వణుకు. పారాసెటమాల్ ఆ వేడిని దించుతుంది, అంతే, వైరస్‌ను ఏమీ చేయదు.

మా పక్కింటి పిల్లాడికి నాలుగో రోజు జ్వరం దిగింది, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నరు. సాయంత్రానికి ఒకటే కడుపునొప్పి, వాంతులు, చేతులు కాళ్లు చల్లగా, పొద్దున్నుంచి మూత్రం కూడా సరిగ్గా పోలేదు. డెంగీలో సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల మధ్య, జ్వరం దిగే వేళకే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది, బీపీ పడిపోతుంది. వెంటనే తీసుకెళ్లి సెలైన్ పెట్టించారు కాబట్టి సరిపోయింది. ప్లేట్‌లెట్ల అంకె చూసి టెన్షన్ పడేవాళ్లు ఈ గుర్తులను పట్టించుకోరు, అదే నా బాధ.

చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, మగత, ఆయాసం కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్ సూది, ఇబుప్రోఫెన్ మాత్ర అసలే వద్దు, రక్తస్రావం పెరగొచ్చు.

— ఒక పాఠకుడు, మిర్యాలగూడ, నల్గొండ జిల్లా