చెంచాడు జాజికాయ పొడి అంటే ఏ చెంచా?

సంపాదకుడు గారికి నమస్కారం.

నిద్ర పట్టకపోతే గోరువెచ్చని పాలలో చెంచాడు జాజికాయ పొడి కలుపుకొని తాగమనే చిట్కా ఈమధ్య పత్రికల అనుబంధాల్లోనూ, యూట్యూబ్‌లోనూ తరచూ కనబడుతోంది. ఏ చెంచా అని మాత్రం ఎవరూ చెప్పరు. మా వంటింట్లోనే టీ చెంచా మొదలుకొని పచ్చడి చెంచా దాకా నాలుగు రకాలున్నాయి.

పోయిన నెల మా బావమరిది ఈ చిట్కా పాటించాడు. రెండు కాయలు మిక్సీలో వేసి, రాత్రి తొమ్మిదింటికి పెద్ద చెంచా నిండుగా పాలలో కలుపుకొని తాగాడు. పదిన్నర దాకా చూశాడు, నిద్ర రాలేదు. మిగిలిన పొడి కూడా వేసుకున్నాడు. ఒంటిగంట దాటాక వాళ్లావిడ ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, ఈయన ఏదోలా ఉన్నారు, చచ్చిపోతున్నానంటున్నారు."

వెళ్లి చూస్తే నోరు ఎండిపోయి నాలుక అంగిటికి అంటుకుంటోంది. ముఖం ఎర్రబడింది, గుండె దడదడలాడుతోంది, గోడ కదులుతోందంటాడు. ఆస్పత్రిలో మొదట గంజాయి అనుకున్నారు, తర్వాత ఉమ్మెత్త గింజలేమోనని అడిగారు. మూత్ర పరీక్షలో మత్తు పదార్థాలేవీ కనిపించలేదు. ఉమ్మెత్త అయితే కంటిపాపలు బాగా పెద్దవవుతాయి, ఇతనికి అవి మామూలుగానే ఉన్నాయి. పాలలో ఏం కలిపాడో ఇంట్లోవాళ్లు చెప్పాకగానీ సంగతి తేలలేదు. దీనికి విరుగుడు మందు లేదు. సెలైన్ పెట్టి, ఆందోళన తగ్గే మందు ఇచ్చి, గుండెను గమనిస్తూ ఉంచారు. మనిషి పూర్తిగా మామూలయ్యేసరికి ఒకటిన్నర రోజు పట్టింది.

నేను రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, కాబట్టి లెక్క వేసి చూశాను. ఒక కాయ సుమారు ఐదు గ్రాములు, రెండు కాయలంటే పది. పెద్దవాళ్లలో కూడా ఐదు గ్రాముల దగ్గర నుంచే విషలక్షణాలు కనిపించిన సందర్భాలున్నాయి. అదే బిర్యానీలో అయితే పావు కాయ ఆరేడుగురికి పంచుకుపోతుంది, మనిషికి పావు గ్రాము కూడా రాదు. వంటలో ఎన్నాళ్లు వాడినా ఏమీ కాకపోవడానికి కారణం ఇదే.

జాజికాయకు వాసననిచ్చే నూనెలోనే ఈ గొడవంతా ఉంది. కాయ బరువులో ఆ నూనె ఐదు నుంచి పదిహేను శాతం దాకా ఉండొచ్చు. అందులోని మిరిస్టిసిన్, ఎలిమిసిన్ అనేవి ప్రధాన అనుమానితులు. సాఫ్రోల్ అనే మూడోది కూడా ఉంది. ఎలుకల్లో కేన్సర్ తెప్పించిందని అమెరికాలో 1960లో దాన్ని ఆహారంలో విడిగా కలపడం నిషేధించారు. ఈ రాత్రి కథకు మాత్రం మొదటి రెండే ముఖ్యం. ఇవి కాలేయంలో ఆంఫెటమైన్ అనే మత్తుమందు జాతి పదార్థాలుగా మారి మెదడును తికమక పెడతాయని చాలాకాలం అనుకున్నారు. కానీ జాజికాయ తిన్నవాళ్ల మూత్రంలో వెతికితే అలాంటివి దొరకలేదు. మిరిస్టిసిన్‌ను ఒక్కదాన్నే విడదీసి ఇచ్చినప్పుడు కూడా కాయ చేసినంత హడావిడి చేయలేదు. కాబట్టి తప్పు ఏ ఒక్కదాని మీదో వేయలేం, నూనెలోని పదార్థాలు కలిసే పని చేస్తున్నాయనుకోవాలి.

మా వాడిని దెబ్బతీసింది ఆలస్యం. లక్షణాలు మొదలవడానికి మూడు నుంచి ఆరు గంటలు పడుతుంది. గంటన్నరకే 'ఏమీ కాలేదే' అని రెండోసారి వేసుకుంటే, మొదటిదీ రెండోదీ అర్ధరాత్రి దాటాక కలిసి వస్తాయి. ఇంకో సంగతి, పొడి కొట్టి చాలాకాలం నిల్వ ఉంచితే నూనె కొంత ఎగిరిపోతుంది. అప్పటికప్పుడు కొట్టిన పొడిలో అది పూర్తిగా ఉంటుంది. పాత పొడి చెంచాడు తిని ఏమీ కానివాడు కొత్త పొడిని అదే చెంచాతో కొలిచి ఆస్పత్రి పాలవ్వొచ్చు.

పసిపిల్లలకు సానరాయి మీద జాజికాయ అరగదీసి నాకించే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. రాయికి అంటే ఆ లేశం వేరు, చెంచా వేరు. అయినా నన్నడిగితే పెట్టొద్దంటాను. పిల్లలకు అందేచోట కాయలు అసలు ఉంచకూడదు. రెండు కాయలు తిన్న ఎనిమిదేళ్ల పిల్లవాడు చనిపోయినట్టు వందేళ్ల కిందటే వైద్యులు రాసిపెట్టారు.

మీ పత్రికకు నా మనవి ఇంతే. జాజికాయ చిట్కా వేయాల్సివస్తే చెంచాల్లో కాకుండా చిటికెల్లో రాయండి. పని చేయలేదని రెండోసారి వేసుకోవద్దని పక్కనే అచ్చు వేయండి. ఎవరైనా ఎక్కువ తిన్నారని తెలిస్తే బలవంతాన వాంతి చేయించకుండా, మిగిలిన పొడితో సహా ఆస్పత్రికి తీసుకెళ్లమని కూడా రాయండి. మా వాడు పొడి మిగల్చలేదు, కనీసం ఏం తిన్నాడో వెళ్లగానే చెప్పి ఉంటే రెండు గంటలు కలిసొచ్చేవి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
విజయనగరం