ఫ్లాష్ పెట్టి నా పొరపాటు చూపించిన బాబాయి గారికి కృతజ్ఞతలు

ఈ రీల్‌లో మీరు చూస్తున్న పెళ్లికూతురిది హనుమకొండ. ఎర్ర పట్టుచీర, పూలజడ, నుదుట కల్యాణ తిలకం. మండపానికి బయలుదేరే ముందు తీసిన ముప్పై సెకన్లు ఇవి. ఈ ముఖం పెళ్లి ఫొటోల్లోనూ ఇలాగే పడిందంటే, అందులో సగం పుణ్యం ఆమె బాబాయి గారిది.

పెళ్లికి పాతిక రోజుల ముందు మేకప్ ట్రయల్ పెట్టుకున్నాం. అద్దంలో, కిటికీ వెలుతురులో, నా ఫోనులో అంతా బాగుంది. నేనూ మురిసిపోయాను. అమ్మాయిని తీసుకువెళ్లడానికి బాబాయి గారు వచ్చారు. ఆయనకు కాజీపేటలో ఫొటో స్టూడియో ఉంది, కెమెరా భుజానే ఉంటుంది. కర్టెన్లు వేయించి, ఫ్లాష్‌తో ఒక్క ఫొటో తీసి, "చూడమ్మా, విభూతి పూసినట్టుంది" అన్నారు. నిజమే. కళ్ల కింద, ముక్కు పక్కన తెల్లటి మరకలు. మెడ మాత్రం మామూలుగానే ఉంది.

అనుమానం రెండింటి మీద. ఒకటి, కళ్ల కింద నేను మందంగా అద్దిన సిలికా పౌడర్. రెండోది, అమ్మాయి పొద్దున రాసుకున్న, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్. రెండూ ఫ్లాష్ వెలుగును కెమెరా వైపే తిప్పికొట్టగలవు. అందుకే ముఖమంతా కడిగించి, ఎడమ పక్క సన్‌స్క్రీన్ మాత్రం, కుడి పక్క పౌడర్ మాత్రం ఉండేలా మళ్లీ వేశాను. ఈసారి ఫొటోలో కుడి కంటి కిందే తెల్లబడింది. దోషం నా పౌడర్‌దే! చర్మపు రంగు కలిసిన పౌడర్‌ను పలుచగా వేశాక గానీ మరక పోలేదు. బాబాయి గారు టీ కూడా చల్లారబెట్టుకుని గంటన్నర కూర్చున్నారు. ఆ సాయం మరిచిపోలేను. రీల్ పెట్టడానికి ఒప్పుకున్న అమ్మాయికీ ధన్యవాదాలు.

అప్పటి నుంచి ప్రతి ట్రయల్‌లోనూ చీకటి గదిలో ఒక ఫ్లాష్ ఫొటో తప్పదు. ట్రయల్ పెళ్లికి మూడు, నాలుగు వారాల ముందు ఉంటుంది, రెండున్నర గంటలు పడుతుంది. నగలు, పెళ్లి చీర రంగు జాకెట్టు తెచ్చుకోండి. ముందు రెండు రోజులు ఫేషియల్ వద్దు. కృత్రిమ రెప్పల జిగురును ముందు రోజే చెవి వెనుక చుక్క పెట్టి చూడాలి, దురద వస్తే చెప్పండి. మేకప్‌ను రాత్రి వరకు తుడవకుండా ఉంచుకుంటే ఎక్కడ చెదురుతుందో తెలుస్తుంది. ట్రయల్ రుసుము వేరు, బుకింగ్ ఖాయమైతే మొత్తంలో తగ్గిస్తాను.

రోజుకు ఒక్క పెళ్లికూతురినే తీసుకుంటాను. అందువల్ల మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణ మాసాల ముహూర్తాలకు మూడు నెలల ముందే చెప్పండి. శ్రావణంలో పెళ్లి ఉన్నవాళ్లకు ఆషాఢమే ట్రయల్‌కు అనువు, అప్పుడు నాకూ తీరిక. మెసేజ్‌లో తేదీతో పాటు ముహూర్తం వేళ కూడా రాయండి. తెల్లవారుజాము ముహూర్తమైతే అర్ధరాత్రికే కూర్చోవాలి మరి.