క్రాకింగ్ యూనిట్‌ను ఆపే రోజు ముందే చెప్పాలి

సంపాదకుడు గారికి,

మరమ్మతుల కోసం రిఫైనరీలో యూనిట్ ఆపుతున్నారంటే ఇక కొన్నాళ్లు భయం లేదని మా మల్కాపురం వైపు చాలామంది అనుకుంటారు. ఫ్లూయిడ్ క్యాటలిటిక్ క్రాకింగ్ యూనిట్ విషయంలో అది నిజం కాదు. నడిచేటప్పటి కన్నా ఆపేటప్పుడు, తిరిగి మొదలుపెట్టేటప్పుడే అక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలి. విశాఖ రిఫైనరీలోనూ ఇలాంటి యూనిట్లు ఉన్నాయి కాబట్టి ఈ సంగతి ఇక్కడి జనానికి తెలియాలి.

ముడిచమురులోంచి తేలిక సరుకు తీశాక బరువైన నూనె మిగులుతుంది. దాన్ని విరగ్గొట్టి పెట్రోల్, వంటగ్యాస్ చేయడమే ఈ యూనిట్ పని. విరగ్గొట్టేది జియోలైట్ అనే ఖనిజంతో చేసిన క్యాటలిస్ట్. సగటున 70 మైక్రాన్లుండే ఈ పొడిలోకి గాలో ఆవిరో పంపితే అది నీళ్లలా పారుతుంది. రైజర్ అనే నిలువు గొట్టంలో సుమారు 530 డిగ్రీల దగ్గర నూనె, పొడి కలిసి పైకి లేస్తాయి. రెండు మూడు సెకన్లలో పని అయిపోతుంది.

ఆ కాస్త సమయంలోనే పొడి మీద కోక్ అనే బొగ్గు పేరుకుని దాని పదును పోతుంది. అందుకే రైజర్ చివర ఉండే రియాక్టర్ అనే పాత్ర అడుగున నీటి ఆవిరితో పొడికి అంటిన నూనె ఆవిర్లను వదిలించి, రీజెనరేటర్‌కు పంపుతారు. అక్కడ గాలి ఊది 700 డిగ్రీల దగ్గర బొగ్గును కాల్చేస్తారు. శుభ్రపడిన పొడి ఆ వేడిని వెంటబెట్టుకుని మళ్లీ రైజర్ అడుగుకు చేరుతుంది. నూనె విరగడానికి కావలసిన వేడి చాలావరకు ఇలా కాలిన బొగ్గు నుంచే వస్తుంది. కోక్ ఎక్కువైతే రీజెనరేటర్ మితిమీరి వేడెక్కుతుంది, తక్కువైతే రైజర్ చల్లబడుతుంది.

అంటే ఒక పక్క పాత్రలో మండే ఆవిర్లు, ఇంకో పక్క పాత్రలో గాలి. ఈ రెంటినీ కలిపే గొట్టాల్లో అడ్డుగా ఉండేది పేరుకున్న క్యాటలిస్టే. ఆ పొడి మట్టాన్ని నిలబెట్టేది గొట్టంలో తెరుచుకుని మూసుకునే స్లైడ్ వాల్వ్. గంటల తరబడి, ఏళ్ల తరబడి పొడి రాసుకుపోవడంతో ఆ వాల్వ్ అరుగుతుంది. అప్పుడు తెర మీద 'మూసి ఉంది' అని చూపించినా పొడి కిందికి జారిపోతూనే ఉంటుంది. రియాక్టర్‌లో మట్టం తగ్గడం, వాల్వ్‌కు అటూ ఇటూ ఒత్తిడి తేడా పడిపోవడం చూసి ఆ సంగతి పసిగట్టాలి.

2018 ఏప్రిల్ 26న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, సుపీరియర్ పట్టణంలో హస్కీ రిఫైనరీలో జరిగింది ఇదే. పెద్ద మరమ్మతుల కోసం యూనిట్‌ను ఆపుతున్నారు. అరిగిన వాల్వ్ గుండా క్యాటలిస్ట్ అడ్డు జారిపోయింది. రీజెనరేటర్‌లోని గాలి రియాక్టర్ దాటి, ఉత్పత్తులను వేరుచేసే విభాగందాకా వెళ్లింది.

ఆ విభాగంలో ఏముంటాయో చెప్పాలి. రియాక్టర్ నుంచి వచ్చే ఆవిర్లలో దాదాపు సగం పెట్రోల్‌గా మారుతుంది. ప్లాస్టిక్ తయారీకి పనికొచ్చే ప్రొపిలీన్‌తో కలిసి ఎల్పీజీ వస్తుంది. డీజిల్‌లో కలపాలంటే ఇంకా శుద్ధి చేయాల్సిన లైట్ సైకిల్ ఆయిల్, అడుగున చిక్కటి స్లర్రీ వేరవుతాయి. అన్నిటికన్నా తేలికైన వాయువుల నుంచి ఎల్పీజీ, పెట్రోల్ ఆవిర్లను అబ్జార్బర్లనే స్తంభాలు పట్టుకుంటాయి. సుపీరియర్‌లో గాలి ఆ స్తంభాలకే చేరింది, అవే పేలాయి. ఎగిరిన లోహపు ముక్క ఒకటి తారు ట్యాంకును చీల్చింది. రెండు గంటల తర్వాత ఆ తారు అంటుకుంది. 36 మందికి వైద్యం అవసరమైంది, రెండువేలకు పైగా జనం ఇళ్లు వదిలి వెళ్లారు. ప్రాణాలు పోకపోవడం అదృష్టమే.

నాకు కోపం తెప్పించే విషయం ఇంకోటి ఉంది. మూడేళ్ల ముందే, 2015 ఫిబ్రవరి 18న కాలిఫోర్నియాలోని టోరెన్స్ రిఫైనరీలో ఇలాగే అరిగిన వాల్వ్ దగ్గర అడ్డు పోయింది. అక్కడ ప్రవాహం ఎదురుదిశలో నడిచి, మండే ఆవిర్లు రీజెనరేటర్ వైపు వెళ్లి, పొగలోని దుమ్ము పట్టే విద్యుత్ యంత్రంలో పేలాయి. అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు దాని మీద నివేదిక ఇచ్చాక కూడా సుపీరియర్ జరిగింది. యూనిట్ ఆపేటప్పుడు క్యాటలిస్ట్ మట్టాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకుండా, రియాక్టర్‌లో నీటి ఆవిరి ఒత్తిడిని అటు రీజెనరేటర్, ఇటు ఉత్పత్తులను వేరుచేసే విభాగం రెంటికన్నా ఎక్కువగా ఉంచితే గాలీ దాటదు, నూనె ఆవిరీ దాటదు.

మన జిల్లా యంత్రాంగాన్ని, రిఫైనరీల యాజమాన్యాలను నేను అడిగేది రెండే. క్రాకింగ్ యూనిట్‌ను ఆపే, మొదలుపెట్టే తేదీలను చుట్టుపక్కల వార్డు సచివాలయాల్లో తెలుగులో ముందుగా అతికించాలి, సైరన్ మోగితే ఎటు వెళ్లాలో అందులోనే రాయాలి. ప్రతి షట్‌డౌన్‌లో స్లైడ్ వాల్వ్ అరుగుదల ఎంత కొలిచారో, ఆపేటప్పుడు ఆవిరి అడ్డు పద్ధతి పాటించారో లేదో జిల్లా క్రైసిస్ గ్రూపు సమావేశంలో చెప్పి, ఆ వివరాలను పత్రికలకు ఇవ్వాలి.

— ఒక విశ్రాంత రిఫైనరీ ఉద్యోగి, మల్కాపురం, విశాఖపట్నం